బయోగ్యాస్ స్లర్రీలోని నత్రజని: నిర్గమ తొట్టి నుండి పొలం వరకు

గ్రామంలో బయోగ్యాస్ ప్లాంటును పరిశీలించడానికి వెళ్ళినవారు సాధారణంగా ముందుగా వంటగదిలోకి తొంగిచూస్తారు. పొయ్యి నీలిమంటతో వెలుగుతుంటే ప్లాంటు బాగా పనిచేస్తున్నదని నమోదు చేసుకొని తిరిగి వస్తారు. పెరటివైపున్న నిర్గమ తొట్టి దగ్గర ఆగేవారు తక్కువ. అక్కడ స్లర్రీ కాలువ కట్టి దిబ్బ పక్కన ఎండి, పెచ్చులుగా లేచి ఉండవచ్చు. రైతు దానిని వేసవిలో బండికెత్తి పొలానికి తోలి, పేడ ఎరువే వేశానని అనుకొంటాడు. కాని ఆ పెచ్చులలో ఉండవలసిన నత్రజనిలో ఒక భాగం అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది. ప్లాంటు లోపల నత్రజనికి ఏమి జరుగుతుంది, బయటికి వచ్చిన తరువాత అది ఎక్కడ పోతుంది, దానిని ఎట్లా నిలుపుకోవచ్చు అనే విషయాలను ఒక కుటుంబపు లెక్కతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోపలికి ఎంత, బయటికి ఎంత

నాలుగైదు పశువులు, ఒక ఎకరం వరి, పది సెంట్ల నేపియర్ గడ్డి ఉన్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. వారి పెరట్లో 2 ఘనపు మీటర్ల దీనబంధు నమూనా ప్లాంటు ఉన్నది. ఇనుప డ్రమ్ము పైకీ కిందికీ కదిలే ఖాదీ కమిషన్ నమూనాకు భిన్నంగా, ఇటుకలతో కట్టిన స్థిరమైన గుమ్మటం గల ఈ నమూనాను అఫ్‌ప్రో సంస్థ 1984లో రూపొందించింది. కదిలే భాగాలు లేకపోవడం, ఖర్చు తగ్గడం వలన ఇది గ్రామాలలో విస్తరించింది.

ఈ ప్లాంటుకు రోజుకు 50 కిలోల పచ్చి పేడ అవసరం. కట్టివేసి మేపే పశువు రోజుకు సగటున 10 నుండి 12 కిలోల పేడ వేస్తుంది కనుక నాలుగైదు పశువులు సరిపోతాయి. పచ్చి పేడలో ఘన పదార్థం సుమారు 18 శాతం, మిగిలినది నీరు. దానిలో సమానంగా, అంటే 50 లీటర్ల నీరు కలిపితే మిశ్రమంలో ఘన పదార్థం 9 శాతానికి వస్తుంది. కల్లాపి కంటె చిక్కగా, అలుకుకు కలిపే పేడ కంటె పలుచగా ఉండే ఈ మిశ్రమం సూక్ష్మజీవులకు అనుకూలమైనది. కిలో పేడకు సుమారు 40 లీటర్ల చొప్పున రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్ లభిస్తుంది. వంటకు ఇది 850 నుండి 900 గ్రాముల ఎల్.పి.జి.తో సమానం. అంటే 14.2 కిలోల సిలిండరు ఒకటి సుమారు 16 రోజులకు మిగులుతుంది.

ఇప్పుడు బరువుల లెక్క చూద్దాం. బయోగ్యాస్‌లో 55 నుండి 60 శాతం మీథేన్, మిగిలిన దానిలో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్. ఈ మిశ్రమం ఒక ఘనపు మీటరు బరువు ఒక కిలో కంటె కొంచెమే ఎక్కువ. కాబట్టి రెండు ఘనపు మీటర్ల గ్యాస్ బరువు సుమారు 2.3 కిలోలు మాత్రమే. ప్రవేశ తొట్టిలో పోసిన 100 కిలోలలో ఇది పోగా, 97 కిలోలకు పైగా నిర్గమ తొట్టి నుండి తిరిగి బయటికి వస్తుంది. గ్యాస్ తీస్తే పేడ ఖర్చయిపోతుందని, ఎరువు తగ్గిపోతుందని రైతులలో ఉన్న సంశయానికి ఈ ఒక్క లెక్కే సమాధానం. తగ్గేది ఘన పదార్థంలో నాలుగోవంతు మాత్రమే. తొమ్మిది కిలోల ఘన పదార్థం 6.7 కిలోలకు దిగుతుంది. గడ్డిలోని లిగ్నిన్ వంటి మొండి పదార్థాలను గాలి లేని చోట పనిచేసే సూక్ష్మజీవులు విడగొట్టలేవు. అవి అట్లాగే మిగిలి నేలలో హ్యూమస్‌గా మారడానికి తోడ్పడతాయి.

నత్రజని పెరగదు, రూపం మారుతుంది

గ్యాస్‌గా బయటికి పోయేవి ముఖ్యంగా కర్బనం, ఉదజని, ఆమ్లజని. గ్యాస్‌తో వెళ్ళే అమ్మోనియా లెక్కలోకి రానంత స్వల్పం. పచ్చి పేడలో 0.3 శాతం నత్రజని ఉన్నదని తీసుకొంటే 50 కిలోలలో 150 గ్రాములు లోపలికి వెళ్తుంది. స్లర్రీలో కూడా దాదాపు అదే 150 గ్రాములు బయటికి వస్తుంది. ఏడాదికి ఇది సుమారు 55 కిలోలు. భాస్వరం, పొటాష్ కూడా గ్యాస్‌తో పోవు.

మారేది నత్రజని రూపం. పేడలో ఎక్కువ భాగం మాంసకృత్తులు మొదలైన సేంద్రియ రూపంలో ఉంటుంది. అవి విచ్ఛిన్నమైనప్పుడు అందులో కొంత అమ్మోనియం రూపంలోకి వస్తుంది. ఈ వాటా పశువుల మేతను బట్టి, నిలువ ఉన్న రోజులను బట్టి, పేడతోపాటు మూత్రం చేరడాన్ని బట్టి మారుతుంది. మూత్రం కలిసే ప్లాంటులో ఇది ఎక్కువగా ఉంటుంది. మన ఉదాహరణలో దీనిని నాలుగోవంతుగా, అంటే రోజుకు సుమారు 38 గ్రాములుగా అనుకొందాం. మొక్క వేళ్ళు వెంటనే తీసుకోగల రూపం ఇదే. గాలిలోకి సులువుగా ఎగిరిపోయే రూపం కూడా ఇదే. స్లర్రీ గుణమూ దాని బలహీనతా రెండూ ఈ 38 గ్రాములలోనే ఉన్నాయి.

విద్యార్థులు ఇక్కడ తరచుగా ఒక పొరపాటు చేస్తారు. పశువుల ఎరువులో 0.5 శాతం, ఎండిన స్లర్రీలో 1.5 శాతం పైబడి నత్రజని ఉన్నదని పట్టికలో చూసి, బయోగ్యాస్ ప్లాంటు నత్రజనిని మూడింతలు చేస్తుందని వ్రాస్తారు. మన ఉదాహరణతోనే దీనిని సరిచూడవచ్చు. బయటికి వచ్చే తడి స్లర్రీ 97 కిలోలలో 150 గ్రాములంటే 0.15 శాతం. అది పచ్చి పేడలోని శాతంలో సగమే. అదే స్లర్రీని ఎండలో పూర్తిగా ఎండబెట్టితే 38 గ్రాముల అమ్మోనియం నత్రజని దాదాపుగా పోయి 112 గ్రాములు మిగులుతుంది. కాని బరువు 6.7 కిలోలకు తగ్గినందున శాతం 1.7కు చేరుతుంది. శాతం పదింతలకు పైగా పెరిగింది, మొత్తం నత్రజని మాత్రం నాలుగోవంతు తగ్గింది. తడి శాతం తెలియకుండా రెండు ఎరువులను పోల్చరాదు. రైతుకు చెప్పవలసింది శాతం కాదు, ఏడాదికి పొలానికి చేరే కిలోలు.

అయితే ప్లాంటు వలన నత్రజనికి లాభం లేదా? ఉన్నది. పేడను పిడకలు చేసి కాల్చితే అందులోని నత్రజని అంతా పొగతో పోతుంది. ఎండకూ వానకూ వదిలిన పెంటదిబ్బలో కొంత ఆవిరిగా, కొంత వాననీటితో పోతుంది. ప్లాంటు ఈ నష్టాలను నిర్గమ తొట్టి వరకు ఆపుతుంది. ఆ తరువాతి బాధ్యత రైతుది.

అమ్మోనియా ఎక్కడ పోతుంది

డైజెస్టరులో ఉదజని సూచిక 7 పరిసరాలలో ఉంటుంది. ఆ స్థితిలో అమ్మోనియం చాలావరకు నీటిలో కరిగిన అయానుగానే నిలుస్తుంది. స్లర్రీ బయటికి రాగానే అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ఆమ్లగుణాన్నిచ్చే ఆ వాయువు పోవడంతో ఉదజని సూచిక పైకి జరుగుతుంది. అది పెరిగిన కొద్దీ, వేడి పెరిగిన కొద్దీ అయాను అమ్మోనియా వాయువుగా మారుతుంది. పలుచగా పరచిన స్లర్రీపై గాలి వీస్తుంటే ఆ వాయువు నిలువదు. కాబట్టి ఎండ, గాలి, విశాలమైన ఉపరితలం అనే మూడూ కలిసిన చోట నష్టం అత్యధికం. నేలపై పారబోసి ఎండబెట్టడంలో ఈ మూడూ ఉన్నాయి.

రెండవ నష్టం నీటితో జరుగుతుంది. అమ్మోనియం, పొటాష్ ప్రధానంగా ద్రవభాగంలో ఉంటాయి. భాస్వరం ఎక్కువగా ఘనభాగంతో ఉంటుంది. స్లర్రీని వడపోసి, చిక్కని ముద్దను ఎరువుగా దాచి, కారిన నీటిని మురుగు కాలువలోకి వదిలిన చోట రైతు బరువైన భాగాన్ని ఉంచుకొని, పంటకు త్వరగా అందే భాగాన్ని పారబోసినట్లే. వడపోత తప్పు కాదు. కారిన ద్రవాన్ని పంటకు పెట్టాలి, లేదా మరునాడు పేడ కలపడానికి కావలసిన నీటిలో సగం వరకు దానితో భర్తీ చేయాలి. నీటికి ఇబ్బంది ఉన్న ప్రాంతాలలో ఈ పద్ధతి ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. పూర్తిగా ద్రవంతోనే కలుపుతూ పోతే అమ్మోనియా, లవణాలు లోపల పేరుకొంటాయి కనుక సగం మంచినీరు తప్పనిసరి.

మన కుటుంబానికి ఒక పథకం

రోజుకు వచ్చే 97 లీటర్ల స్లర్రీని ఏమి చేయాలి? పది సెంట్ల నేపియర్ గడ్డికే మొత్తం మళ్ళించడం అందరికీ తోచే సులువైన మార్గం. కాని పది సెంట్లంటే సుమారు 400 చదరపు మీటర్లు. ఏడాది పొడవునా కోతలిచ్చే నేపియర్ హెక్టారుకు 350 కిలోల నత్రజనిని వినియోగించుకొంటుందని తీసుకొన్నా, ఈ చెలకకు కావలసినది 14 కిలోలే. అంటే 55 కిలోలలో నాలుగోవంతు. అంతకు మించి పెట్టితే గడ్డి నల్లపచ్చగా పెరిగి ఒరిగిపోతుంది, మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి భూమిలోకి దిగుతుంది. కాబట్టి రోజుకు 24 లీటర్లు, అంటే రెండు బక్కెట్లకు లోపు, గడ్డికి చాలు. దానిని రోజుకొక మడికి చొప్పున, సాయంకాలం, సాగునీటి కాలువలో నీటితో కలిపి పారించాలి. నీటితో నేలలోకి ఇంకిన అమ్మోనియం బంకమట్టి రేణువులకు అంటుకొని నిలుస్తుంది. ఆకులమీద చిక్కగా పోసిన స్లర్రీకి ఆ అవకాశం లేదు. పైగా అటువంటి గడ్డిని పశువులు తినడానికి ఇష్టపడవు.

మిగిలిన 73 లీటర్లు గుంతలకు పోవాలి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు గల గుంత 3 ఘనపు మీటర్లు పట్టుతుంది. రోజుకు 73 లీటర్ల చొప్పున అది 40 రోజులలో నిండుతుంది, కొంత ఆవిరి అవుతుంది కనుక మరికొన్ని రోజులు పట్టవచ్చు. నిండిన గుంత ఎరువుగా మాగడానికి రెండు మూడు నెలలు కావాలి. అందుచేత ఇటువంటి ప్లాంటుకు రెండు గుంతలు చాలవు, మూడు కావాలి. ఒకటి నిండుతుండగా, రెండవది మాగుతూ, మూడవది ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉంటుంది. ఒక గుంతతో సరిపెట్టిన చోట అది నిండగానే స్లర్రీ నేలపాలవుతుంది.

గుంత అడుగును బంకమట్టితో దిమ్మిస చేసి, దానిపై 15 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి, పశువులు తినక వదిలిన చొప్ప, ఎండుటాకులు పరచాలి. స్లర్రీ పోసిన ప్రతిసారీ పైన మరికొంత చెత్త చల్లాలి. ఈ చెత్త కేవలం నీటిని పీల్చడానికి కాదు. వరిగడ్డిలో నత్రజని తక్కువ, కర్బనం చాలా ఎక్కువ. దానిని కుళ్ళించే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. అవి స్లర్రీలోని అమ్మోనియంను పట్టుకొని తమ శరీరంలో కలుపుకొంటాయి. ఎగిరిపోవలసిన నత్రజని ఈ విధంగా సేంద్రియ రూపంలో బంధించబడి, తరువాత నేలలో నెమ్మదిగా విడుదలవుతుంది. గుంతపై తాటాకు పందిరి వేసి, గట్టు చుట్టూ మట్టికట్ట పోస్తే ఎండ, వాననీరు రెండూ తగ్గుతాయి. నిండిన తరువాత మట్టితో కప్పాలి. గుంతలు తాగునీటి బావికి దూరంగా, పల్లపు వైపున ఉండాలి.

ఇక వరికి లెక్క. గుంతలలోకి చేరే నత్రజని ఏడాదికి సుమారు 41 కిలోలు. ఎంత జాగ్రత్త పడినా కొంత పోతుంది. రెండు పంటలకు పంచితే ఒక్కొక్క పంటకు 20 కిలోలకు మించదు. హెక్టారుకు 100 కిలోల నత్రజని సిఫారసు ఉన్న చోట ఎకరాకు 40 కిలోలు కావాలి. అట్లని యూరియాను సగానికి తగ్గించమని చెప్పరాదు. ఈ 20 కిలోలలో అధిక భాగం సేంద్రియ రూపంలో ఉన్నందున మొదటి పంటకు నాలుగోవంతు నుండి మూడోవంతు అందుతుందని అనుకొంటే, అది 5 నుండి 7 కిలోలు, అంటే 11 నుండి 15 కిలోల యూరియాకు సమానం. మొదటి ఏడాది తగ్గింపును ఇంతవరకే పరిమితం చేసి, ఏటా వేస్తున్న పొలంలో పైరు రంగును, భూసార పరీక్షను చూసి క్రమంగా పెంచడం వివేకం. ఎరువును ఆఖరి దమ్ముకు ముందు చల్లి అదే పూట బురదలో కలియదున్నాలి. నిలువ నీటిపై తేలే విధంగా వదిలితే మధ్యాహ్నం వేళ నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోవడం వలన నీటి ఉదజని సూచిక పెరిగి, మళ్ళీ అమ్మోనియా ఎగిరిపోతుంది.

నిర్గమ తొట్టి చెప్పే సంగతులు

స్లర్రీని పట్టించుకోకపోవడం ఎరువుతోనే ఆగదు, చివరికి పొయ్యిని కూడా ఆర్పుతుంది. దీనబంధు ప్లాంటులో గ్యాస్ గుమ్మటంలో చేరుతున్నకొద్దీ స్లర్రీని నిర్గమ తొట్టిలోకి నెట్టుతుంది. గ్యాస్ వాడినప్పుడు స్లర్రీ తిరిగి లోపలికి దిగుతుంది. ఉదయం వంటకు ముందు తొట్టిలో మట్టం ఎక్కువగా, వంట తరువాత తక్కువగా ఉండాలి. తొట్టి పై అంచున ఉన్న పొర్లు రంధ్రం నుండి అదనపు స్లర్రీ తనంతట తానే బయటికి పోవాలి. ఆ రంధ్రం ముందు స్లర్రీ ఎండి గడ్డకట్టితే మట్టం పెరుగుతూ పోయి, గ్యాస్ వాడినప్పుడు స్లర్రీ గుమ్మటం పైదాకా వచ్చి గ్యాస్ గొట్టంలోకి చేరుతుంది. అప్పుడు ప్లాంటు చెడిపోయిందని రైతు మేస్త్రీ కోసం వెతుకుతాడు. నిజానికి కావలసింది ఒక పార, ఖాళీగా ఉన్న ఒక గుంత.

ఉదయం మట్టం పెరగకపోతే రెండు కారణాలుండవచ్చు. గ్యాస్ తయారు కాకపోవడం ఒకటి, తయారైనది కారిపోవడం మరొకటి. గొట్టపు అతుకులపై, వాల్వుపై సబ్బునురుగు రాసి చూస్తే బుడగలు లేచే చోట కారుడు తెలుస్తుంది. కారుడు లేకపోతే మేత తొట్టి వైపు చూడాలి. కొట్టం కడిగిన ఫినాయిల్ నీరు ప్లాంటులోకి వెళ్ళినా, పేడ బాగా తగ్గినా గ్యాస్ తగ్గుతుంది. చలికాలంలో కొంత తగ్గడం సహజం.

బయటికి వచ్చే స్లర్రీని చూసి కూడా లోపలి స్థితిని గ్రహించవచ్చు. బాగా జీర్ణమైన స్లర్రీకి పచ్చి పేడ వాసన ఉండదు, ఈగలు ముసరవు, బుడగలు లేవవు. తొట్టిలో బుడగలు విరివిగా లేస్తూ పేడ కంపు కొడుతుంటే పేడ పూర్తిగా జీర్ణం కాకముందే బయటికి వస్తున్నదని అర్థం. దీనికి సాధారణ కారణం అధికంగా నీరు పోయడం. రోజుకు 100 లీటర్ల మిశ్రమం 40 రోజులు నిలువ ఉండడానికి 4,000 లీటర్ల చోటు కావాలి. అదే చోటులో 50 కిలోల పేడకు 100 లీటర్ల నీరు కలిపి పోస్తే రోజుకు 150 లీటర్లై, నిలువ 27 రోజులకు పడిపోతుంది. రావలసిన గ్యాస్‌లో కొంత గుంతలో వెలువడి వాతావరణంలో కలుస్తుంది. పైగా పలుచని మిశ్రమంలో ఇసుక, బరువైన పదార్థం అడుగున పేరుకొని చోటును మరింత తగ్గిస్తాయి. పూడిక తీయడానికి ఎవరూ ఒంటరిగా, గాలి ఆడనివ్వకుండా డైజెస్టరులోకి దిగరాదు. అక్కడ ప్రాణవాయువు ఉండదు, క్షణాలలో స్పృహ తప్పుతుంది.

ఈ కారణాల చేత, ప్లాంటు సందర్శన నివేదికలో పొయ్యి వెలిగినదా అనే ప్రశ్నతోపాటు మరి మూడు ప్రశ్నలు చేర్చడం అవసరం. పొర్లు రంధ్రం తెరిచి ఉన్నదా? గుంతలు ఎన్ని, వాటిపై నీడ ఉన్నదా? గత పంటకు స్లర్రీ ఏ రూపంలో, ఏ సమయంలో పొలానికి చేరింది? ఈ మూడింటికి సమాధానం దొరికిన పెరట్లో, పేడతో లోపలికి వెళ్ళిన 55 కిలోల నత్రజనిలో ఎంత పైరుకు చేరుతున్నదో రైతుతో కలిసి లెక్కకట్టవచ్చు.